ఇరవై రెండే అన్న మాట

భిలాయి క్యాంప్-టూలో మల్లేశ్వరరావు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కంసాలి మల్లేసు ఇల్లంటే పాలవాడు కూడా చేయి పట్టుకుని తీసుకొచ్చి దింపుతాడు. ముందుగదిలో కిటికీ కింద చిన్న పనిబల్ల, దాని ముందు పలచబడిపోయిన పరుపుముక్క, గోడకి ఆనించి టంకం కరిగించే గ్యాసు బత్తి. అరవై మూడేళ్ళ మనిషి, మెడ ముందుకి వంగిపోయి, పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ కూర్చుంటే వెలుతురు తగ్గేదాకా లేవడు. తెగిన గొలుసులు అతకడం, ఊడిన రాళ్ళు పొదగడం, వదులైన ఉంగరాలు బిగించడం. కొత్త నగలు చేయించుకునేవాళ్ళు ఇప్పుడు అతని దగ్గరికి రారు. అవన్నీ అద్దాల షోరూముల్లో తయారుగా దొరుకుతున్నాయి.

ఆ మంగళవారం అతను ఒక జత దిద్దులకి శీల బిగిస్తుండగా తులసమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి, అతనికి అక్క వరస. వాళ్ళాయన సింహాచలం, స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో పనిచేసేవాడు, పోయి నాలుగేళ్ళయింది. వచ్చిన మనిషి ఎప్పటిలా "తాయారూ, టీ పెట్టీయే" అని లోపలున్న అతని భార్యకి కేకెయ్యలేదు. గుమ్మంలోనే నిలబడి, చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి అతనికిచ్చింది.

"మల్లేసూ, ఇదేటో సూడు. నాకు బుర్ర పనిచెయ్యట్నేదు."

అది పవర్‌హౌస్ బజారులో బంగారం పరీక్ష చేసే దుకాణం వాళ్ళిచ్చిన చీటీ. నెక్లెస్ ఒకటి, నలభై గ్రాములు. బంగారం డెబ్బై అయిదు శాతం. పద్దెనిమిది కారట్లు.

మల్లేశ్వరరావు ఆ చీటీని చదవడానికి కావలసినదానికంటే చాలా ఎక్కువసేపు చూశాడు.

తులసమ్మ సంగతి చెప్పింది. కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. ఉతైలో రెండు గదుల ఇల్లు బేరం కుదిరింది. ఉన్నదంతా ఇచ్చేయగా, ఇంకా నాలుగు లక్షల నలభై వేలు కట్టవలసి ఉంది. శుక్రవారం రిజిస్ట్రీ. ఆవేళకి డబ్బు చేతిలో పడకపోతే ఇల్లుగలాయన అడ్వాన్సు ఉంచేసుకుని వేరేవాళ్ళకి రాసేస్తానన్నాడు. దానికే నెక్లెస్ అమ్మకానికి పెట్టింది. టీవీలో రోజూ చెప్పే ధర చూసుకుని, తనే లెక్క కట్టుకుంది. ఇరవై రెండు కారట్లది గ్రాము పదకొండు వేలు. నలభై గ్రాములకి సరిగ్గా నాలుగు లక్షల నలభై వేలు.

"ఆడేమో మిసను కింద ఎట్టి, ఇది పద్దెనిమిదే దీదీ, గ్రాముకి తొమ్మిది వేలే వొస్తాదీ అన్నాడు. నానొప్పుకోలేదు. కొక్కెం దగ్గిర గీరి మళ్ళీ ఎట్టాడు. వెనకాల ఎట్టాడు. మూడుసార్లూ అదే. మల్లేసూ, మిసను తప్పు సెప్తాదేటి? ఇది నీ సేత్తో సేసింది కదా!"

ఆమె సంచీలోంచి నెక్లెస్ తీసి బల్లమీద పెట్టింది. మామిడిపిందెలు వరుసగా కూర్చిన పాతకాలపు పని. ఒక్కొక్క పిందెకీ అంచున గింజంత పూసలు. మల్లేశ్వరరావు దాన్ని చూసి ఇరవై ఏళ్ళయి ఉంటుంది. అయినా ఎడమవైపు మూడో పిందె కాస్త ఒంకరగా ఉంటుందని చూడకుండానే చెప్పగలడు. ఆ పిందె దగ్గరే రేకు రెండుసార్లు చీలింది.

అతను పరీక్ష చెయ్యనక్కర్లేదు. అయినా గీటురాయి తీశాడు. నెక్లెస్ కొక్కేన్ని రాయిమీద గీశాడు. దాని పక్కన ఇరవై రెండు కారట్ల నమూనా పుల్లతో ఒక గీత, పద్దెనిమిది కారట్ల పుల్లతో ఇంకో గీత గీశాడు. ఇరవై రెండుకి వాడే ఆమ్లం చుక్క తీసుకుని మూడింటి మీదా అడ్డంగా రాశాడు. మధ్యగీత పచ్చగా నిలబడింది. మిగిలిన రెండూ ఒక్కలాగే పలచబడి, గోధుమరంగు తిరిగి, మాయమయ్యాయి.

తులసమ్మకి ఆ పని తెలియకపోయినా, మిగిలింది ఒక్క గీతేనని తెలిసింది.

"అంటే?"

"పద, అప్పా. ఇది కొన్న కొట్టుకెళ్దాం" అన్నాడతను.

* * *

మల్లేశ్వరరావుది నరసన్నపేట. పంతొమ్మిదేళ్ళప్పుడు, ఎనభై ఒకటిలో, గురునాథరావు గారి వెంట భిలాయి వచ్చాడు. గురునాథరావు గారిది కూడా అటువైపే. కొలిమి దగ్గరా కోక్ ఓవెన్ల దగ్గరా చెమటోడ్చే తెలుగువాళ్ళు వేలమంది ఉన్న ఊళ్ళో, తెలుగులో బేరమాడే బంగారు కొట్టు ఒకటుంటే ఎలా నడుస్తుందో ఆయన ముందే ఊహించాడు. పవర్‌హౌస్‌లో చిన్న కొట్టు పెట్టాడు. ముందు ఆయన, వెనకగదిలో మల్లేసు.

జనానికి షావుకారు మీద ఉన్న నమ్మకం వేరు, పనివాడి మీద ఉన్న నమ్మకం వేరు. బేరం షావుకారుతో అయిపోయాక ఆడవాళ్ళు తెర పక్కకి తీసి వెనకగదిలోకి తొంగిచూసేవారు. "మల్లేసూ, నువ్వు సెప్పు. ఇరవై రెండేనా?" అని అడిగేవారు. "ఇరవై రెండే" అనేవాడు. అప్పుడు కొంగుముడి విప్పేవారు.

మొదటి పదేళ్ళూ ఆ మాట నిజమే. మేలిమి బిస్కెట్ అతని కళ్ళెదుటే కరిగేది. ఇరవై నాలుగు కారట్ల బంగారం ఉత్తినే నగకి పనికిరాదు. మెత్తన, వేలితో వంచితే వంగుతుంది, కొక్కెం నిలవదు. అందుకని పదకొండు గ్రాముల మేలిమికి ఒక గ్రాము వెండీ రాగీ కలిపితే పన్నెండు గ్రాముల ఇరవై రెండు కారట్ల బంగారం అవుతుంది. ఆ కలపడం అతనే చేసేవాడు. తండ్రి నేర్పిన మొదటి లెక్క అదే.

తొంభై రెండులోనో మూడులోనో షావుకారు, "కరిగించడం నేను చూసుకుంటాను, నువ్వు చేతిపని చూసుకో" అన్నాడు. ఆ వారం ఆయనిచ్చిన కడ్డీని సాగగొడుతుంటే మల్లేసు సుత్తి ఆగిపోయింది. రేకు గట్టిగా ఉంది. నాలుగు దెబ్బలకే బిర్రబిగుస్తోంది. మళ్ళీ మళ్ళీ కాల్చి మెత్తబరచకపోతే అంచులు చీలుతున్నాయి. గీటురాయిమీద గీసి చూశాడు. తొమ్మిది పాళ్ళ మేలిమికి మూడు పాళ్ళు కలిపారు. పద్దెనిమిది.

పద్దెనిమిది కారట్లు పాపమేమీ కాదు. రాళ్ళ నగలకి అదే మంచిది, గట్టిగా పట్టుకుంటుంది. పద్దెనిమిదని చెప్పి, పద్దెనిమిది ధరే తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కాని కొట్టులో రాసే చీటీ ఇరవై రెండు ధరకి. రంగు తేలకుండా పైన మేలిమి పూత పెట్టి మెరుగు ఇచ్చేవారు.

ఆ సాయంత్రమే అడిగాడు. "షావుకారూ, ఇది తక్కువ కారట్టు కదండీ?"

గురునాథరావు గారు కోప్పడలేదు. "వీళ్ళు కూతురికిచ్చుకుంటారు, కోడలికిచ్చుకుంటారు. అమ్మేదెవరు, కోసి చూసేదెవరు? నీ మజూరీ గ్రాముకి రెండు రూపాయలు పెంచుతున్నాను" అన్నారు. అప్పుడే మల్లేసు క్యాంపులో ఈ ఇంటికి బయానా ఇచ్చి ఉన్నాడు. తాయారమ్మ కడుపుతో ఉంది. మానేస్తే భిలాయిలో ఇంకో తెలుగు కొట్టు లేదు.

అతను మానలేదు. ఆ కాలంలో తెర పక్కకి తీసి అడిగినవాళ్ళలో తులసమ్మ ఒకతె. తొంభై ఆరులో సింహాచలానికి ఏరియర్సు వచ్చాయి. ఈ నెక్లెస్‌కి పంతొమ్మిది వేలూ లెక్కపెట్టి ఇచ్చేముందు ఆమె అడిగింది. అతను తలెత్తకుండా, ఆకురాయితో పిందె అంచు రాస్తూ, "ఇరవై రెండే, అప్పా" అన్నాడు.

* * *

ఇప్పుడా కొట్టు లేదు. అదే స్థలంలో రెండంతస్తుల షోరూము ఉంది. గురునాథరావు గారు పోయాక కొడుకు లక్ష్మీప్రసాద్ కట్టించాడు. ప్రతి నగమీదా హాల్‌మార్కు ముద్ర, పక్కన భూతద్దం. ఎవరైనా చూసుకోవచ్చు. మల్లేశ్వరరావుని పని మానిపించిందీ అతనే. ఊరికే పంపలేదు, శాలువా కప్పి పంపాడు.

లక్ష్మీప్రసాద్ ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. చీటీ చూశాడు. "ఆంటీ జీ, పాత బిల్లు ఉందా?" అన్నాడు.

తులసమ్మ బిల్లు జాగ్రత్తగా దాచుకుంది. ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చింది. పసుపుపచ్చ కాగితం, గురునాథరావు గారి గుండ్రటి దస్తూరీ.

"చూడండి, గోల్డ్ నెక్లెస్ ఒకటి అని ఉంది. బరువుంది, రూపాయలున్నాయి. ఇరవై రెండని ఎక్కడా రాయలేదు."

"రాయకపోతే ఏటి బాబూ? నలభై గ్రాములకి పంతొమ్మిది వేలు తీసుకున్నారు. ఆయేళ ఇరవై రెండు రేటు అదేనని ఊరంతా తెలుసు."

"అప్పుడు హాల్‌మార్కింగ్ లేదు కదా ఆంటీ. పాత మాల్ అంతా కాస్త కమ్‌జ్యాదా, అంటే హెచ్చుతగ్గు ఉంటుంది. టంకం కలుస్తుంది."

మల్లేశ్వరరావుకి అక్కడ నోరు లేచింది. "టంకానికి ఒకటో రెండో శాతం తగ్గుతాది బాబూ. పదహారు తగ్గదు."

లక్ష్మీప్రసాద్ అతని వైపు తిరిగాడు. గొంతు అంతే మెత్తగా ఉంది. "అంకుల్, నాన్నగారు లేరు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. దీన్ని చేసిన చెయ్యి ఎవరిది?"

కొట్టులో నలుగురు కొనుగోలుదారులున్నారు. అమ్మే అమ్మాయిలిద్దరు చేతిలో పని ఆపేశారు. తులసమ్మ మల్లేశ్వరరావుని చూస్తోంది. చేసింది నేనే కాని, కలిపింది మీ నాన్న అనేస్తే చాలు. అది నిజమే. ఆ నిజం చెప్పడానికే బయల్దేరాడు కూడా. కాని ఆమె అలా చూస్తుంటే, సగం నిజం చెప్పడం అతనికి చేతకాలేదు.

"కలిపింది షావుకారు. నాకు తెలుసు అప్పా. ఆ రోజూ తెలుసు" అన్నాడు.

తులసమ్మ కేకలెయ్యలేదు. "నిన్నడిగినాను కదా" అంది. మళ్ళీ, "నిన్నే కదా అడిగినాను" అంది. నెక్లెస్, బిల్లు, చీటీ మూడూ సంచీలో పెట్టుకుని ఒక్కతే మెట్లు దిగిపోయింది.

* * *

ఇంటికొచ్చి తాయారమ్మకి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వింది.

"ఎంత తగ్గిందిట?"

"ఎనభై వేలు. నలభై గ్రాముల్లో ముప్ఫై ఆరున్నర దాటి ఉండాల్సిన మేలిమి ముప్ఫైయే ఉంది. ఆరున్నర గ్రాముల పైచిలుకు షావుకారు తిన్నాడు."

"తిన్నాయన కొడుకు కార్లో తిరుగుతున్నాడు. నువ్వేటి సేస్తావు?"

అతను గోద్రెజ్ బీరువా వైపు చూశాడు. ఆ చూపు తాయారమ్మకి అర్థమైంది. బీరువాలో పదిగ్రాముల బిస్కెట్ ఉంది. ఇరవై నాలుగు కారట్లది, సీలు కూడా విప్పనిది. అది అతని సంపాదన కాదు. టౌన్‌షిప్ సెక్టార్లలో పెళ్ళిళ్ళకి అప్పడాలూ వడియాలూ చేసిచ్చి, చిట్టీ కట్టి, పదమూడేళ్ళ కిందట ఆమె కొనుక్కుంది. నగగా చేయిస్తానన్నా ఒప్పుకోలేదు. "నీ మనుషుల కలుపుళ్ళు నాకొద్దు, ఇలాగే ఉండనీ" అని నవ్వేది. ఆ వేళాకోళం విన్నప్పుడల్లా అతని గుండెలో ముల్లు కదిలేది.

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. బీరువా తీసి బిస్కెట్ తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"నీకిమ్మని ఇవ్వట్లేదు. ఆ మనిషి ఇల్లు పోకూడదని ఇస్తన్నాను. నాకూ సెప్పనేదు కదా నువ్వు. నా మెళ్ళో గొలుసు కూడా ఆ కడ్డీలోదేనా?"

"కాదు, తాయారూ. అది నేనే కలిపినాను. ఒట్టు."

"నీ ఒట్టుకేటి ధర కడతారు?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం బిస్కెట్ అమ్మాడు. మేలిమి గ్రాము పన్నెండు వేలు. కొన్నవాడి రెండు శాతం కోత పోగా లక్షా పదిహేడు వేల ఆరువందలు వచ్చింది. ఎనభై వేలు కవర్లో పెట్టుకుని తులసమ్మ క్వార్టరుకి వెళ్ళాడు. గదినిండా కట్టిన మూటలు. ఆమె కవరు తీసుకుని లెక్కపెట్టింది. సరిపోయిందనీ అనలేదు, ఎక్కడిదనీ అడగలేదు. కూర్చోమని కూడా అనలేదు. నెక్లెస్ అమ్మగా వచ్చిన మూడు లక్షల అరవై వేలకి అది కలిపి కట్టింది, శుక్రవారం ఉతై ఇల్లు ఆమె పేర రిజిస్ట్రీ అయింది.

మల్లేశ్వరరావు ఆ రోజు కాస్త తేలిగ్గా అన్నం తిన్నాడు. అంతటితో అయిపోతుందనుకున్నాడు.

తులసమ్మ ఎవరితో ఏమందో తెలియదు. మల్లేసు డబ్బు తిరిగిచ్చాడన్న సంగతి మాత్రం పది రోజుల్లో తెలుగు ఇళ్ళన్నీ తిరిగింది. షోరూములో ఆ వేళ ఉన్నవాళ్ళు తమకు తోచింది కలిపారు. దీపావళి ముందు ఆదివారం వనజాక్షి వచ్చింది, బ్లాస్ట్ ఫర్నేస్‌లో రిటైరైన ఫోర్‌మన్ భార్య. చేతిలో చీటీ. రెండు గాజులు, డెబ్బై ఏడు శాతం.

"వాళ్ళకిచ్చినావట కదా. మాదేటి, ఇత్తడా?"

"అమ్మా, బంగారం నేను తినలేదు. నా దగ్గర లేదు."

"తినకుండానే ఎనభై వేలిచ్చీసినావా? ఎవుడిస్తాడు అలాగ?"

ఆమె వెనక చరోదా నుంచి ఒకరు, హథ్‌ఖోజ్ నుంచి ఒకరు. నెలలో పదిహేడు మంది వచ్చారు. అందులో అయిదారు నగలు అతను ఎన్నడూ ముట్టనివి. పనితనం చూస్తే తెలిసిపోతోంది, వేరే ఊళ్ళో చేసినవి. అది చెప్పినా ఎవరూ నమ్మలేదు. బంగారం తక్కువైందంటే మల్లేసు నొక్కేశాడనే లెక్క. లక్ష్మీప్రసాద్ ఎక్కడా నోరు జారలేదు. ఎవరైనా అడిగితే, "నాన్నగారు పనివాళ్ళని మరీ నమ్మేవారు" అని మాత్రం అనేవాడట. పాత నగ తెచ్చి కొత్తది కొనుక్కుంటే తరుగు లేదని బోర్డు కూడా పెట్టాడు. నగలు తెచ్చినవాళ్ళందరూ చివరికి అక్కడే మార్చుకున్నారు, పద్దెనిమిది ధరకి ఇచ్చి, ఇరవై రెండు ధరకి కొనుక్కుని.

మల్లేశ్వరరావు ఇంటికి పని రావడం ఆగిపోయింది. తెగిన గొలుసు కూడా ఎవరూ ఇవ్వడం లేదు. ఇచ్చిన ఒకరిద్దరు అతను అతుకుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, అతని చేతివేళ్ళనే చూశారు. వెళ్ళేముందు తూకం వేయించుకున్నారు. ఏళ్ళ తరబడి షావుకారు తప్పు చేస్తుంటే తలవంచుకున్నప్పుడు రాని దొంగ అన్న పేరు, తల ఎత్తి ఒప్పుకున్నాక వచ్చింది.

* * *

సంక్రాంతి దాటాక దుర్గ్‌లో ఒక పెద్ద షోరూము వెనక, రాళ్ళు పొదిగే పనికి కుదిరాడు. వాళ్ళకి అతని కథ తెలియదు, తెలిసినా పట్టించుకోరు. బంగారం వాళ్ళే తూచి ఇస్తారు, సాయంత్రం పొడితో సహా తూచి తీసుకుంటారు. పైన కెమెరా. అన్నీ పద్దెనిమిది కారట్లవే. ఒక్కొక్కదాని వెనకా, వెయ్యి పాళ్ళలో మేలిమి ఎంతో తెలిపే ఏడువందల యాభై అన్న అంకె చెక్కి ఉంటుంది.

అతను కూర్చునే చోటికి, అమ్మకాలు జరిగే చోటికి మధ్య ఒక పలక గోడ. మాటలు వినిపిస్తాయి. ఒక మధ్యాహ్నం ఎవరో ఆవిడ హిందీలో అడిగింది, ఇది ఇరవై రెండేనా అని. అమ్మే అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. "కాదు దీదీ, పద్దెనిమిది. వజ్రాలకి అదే పక్కా. బిల్లులో కూడా పద్దెనిమిది ధరే వేస్తాం." ఆవిడ "అచ్ఛా" అంది. బేరమైపోయింది.

మల్లేశ్వరరావు చేతిలో ఉన్న రాయి జారి పళ్ళెంలో పడింది. పక్కవాడు "క్యా హువా చాచా?" అన్నాడు. ఏమీ లేదన్నాడు. ఎంత చిన్న మాట! ఆ మాట అనడానికి ఆ పిల్లకి ఊపిరి తీసుకున్నంతసేపు పట్టలేదు.

ఆ సాయంత్రం దుర్గ్ బస్టాండులో తులసమ్మ కనిపించింది. ఉతై బస్సు కోసం నిలబడి ఉంది, కూరగాయల సంచీ బరువుకి ఒకపక్కకి ఒరిగిపోయి. మల్లేశ్వరరావు బెంచీమీంచి లేచి, "కూకో, అప్పా" అన్నాడు.

ఆమె కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. అతను పక్కన నిలబడ్డాడు. ఇల్లెలా ఉందని అడుగుదామనుకున్నాడు. ఆమె బస్సు వచ్చే వైపే చూస్తూ కూర్చుంది. పావుగంట తర్వాత బస్సు వచ్చింది. ఆమె లేచి, వెనక్కి తిరగకుండా ఎక్కింది. అతను ఖాళీ అయిన బెంచీమీద కూర్చుని భిలాయి బస్సు కోసం చూశాడు.